22 నుంచి 27 దాకా వచ్చిన కూరగాయల గురించి

విజయవాడ,
28 జులై 2025

అన్నగారికి నమస్కారాలు.

ఆదివారం రాత్రి మీ వాట్సాప్‌కు 11 ఫోటోలు పంపాను. 'సరే మాస్టారూ, చూస్తా' అన్నారు. మొన్న మంగళవారం పంపిన వాటికీ అదే మాట అన్నారు. శుక్రవారం మళ్ళీ అదే సరుకు దిగింది. అందుకే ఏ ఫోటో ఏ రోజుది, అందులో ఏముందీ వివరంగా రాసి మీ ఆటో డ్రైవరు చేతికి ఇస్తున్నాను. తీరిగ్గా కూర్చుని, ఫోన్ పక్కన పెట్టుకుని చదవండి.

మొదటి రెండు ఫోటోలు 22వ తేదీ ఉల్లిపాయలవి. 50 కిలోల బస్తా విప్పి నేల మీద పరిచి తీశాను. ఎడమ వైపు కుప్ప మంచివి, కుడి వైపువి పాడైనవి. పాడైనవాటిని కాటా మీద పెట్టి తీసిందే రెండోది. 13 కిలోలు చూపిస్తోంది, ఫోటో పెద్దది చేస్తే అంకె కనబడుతుంది. పైపొర తీస్తే లోపల నల్ల బూజు, నొక్కితే నీళ్ళు. బస్తాలో ఒకటి కుళ్ళితే పక్కది చెడుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. వానాకాలం సరుకు, అందులోనూ తడి ఆరకుండా వచ్చిన ఉల్లి, ఎక్కువ రోజులు ఆగదు. నాకూ తెలుసు. కానీ 50లో 13 పోవడం వాన ఒక్కదాని వల్ల కాదనిపించి, శుక్రవారం ఆటో వచ్చినప్పుడు సరుకు దించకముందే నేను బయటికొచ్చి మూడో ఫోటో తీశాను.

ఆ ఒక్క ఫోటో మాత్రం మీరు జాగ్రత్తగా చూడాలి. అడుగున ఉల్లి బస్తాలు, వాటి మీద టమాటా క్రేట్లు, ఆ పైన కొత్తిమీర, మొత్తం మీద టార్పాలిన్ బిగించి కట్టారు. చితికిన టమాటాల రసం కారి బస్తా మీద ఎర్రటి మరక పడింది. ఆ మరక కిందున్న ఉల్లిపాయలే మెత్తబడ్డాయి. టార్పాలిన్ కింద గాలాడక కొత్తిమీర వేడెక్కి కట్టల మధ్యలో నల్లగా అయింది, చేత్తో పట్టుకుంటే జిగురు. నాలుగో ఫోటోలో ఉన్నవి అలా పారేసిన పది కట్టలు. సరుకు మార్కెట్లో బాగానే ఉండొచ్చు, మా గుమ్మం దాకా వచ్చేలోపే పాడవుతోంది. టమాటాలు ఉల్లి మీద ఎక్కించొద్దని, ఆకుకూరలు విడిగా పెట్టి గాలి తగలనివ్వాలని లోడు ఎత్తేవాళ్ళకు చెప్పండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఐదు, ఆరు ఫోటోలు ఆ టమాటా క్రేట్‌వే. పైన రెండు వరసలు ఎర్రగా, గట్టిగా ఉన్నాయి. వాటిని తీస్తే అడుగున చితికినవి, తొడిమ దగ్గర తెల్లగా బూజు పట్టినవి. 9 కిలోలు పోయాయి. రసానికైనా పనికొస్తాయేమో అని మా కుర్రాడు అడిగాడు. బూజు పట్టినది ఏ గిన్నెలోనూ పడనివ్వనని చెప్పి పారబోయించాను.

ఇక సైజు సంగతి. ఏడో ఫోటోలో బంగాళాదుంపల పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టాను, కొలతకు. సగానికి పైగా దుంపలు నిమ్మకాయంత కూడా లేవు. 20 కిలోలు చెక్కు తీశాక 14 కిలోలే తేలాయి. ఇంతకు ముందు మీరు పంపే దుంపలకు 17 కిలోల పైనే వచ్చేది. తరిగే అక్కలిద్దరూ ఏడింటికల్లా ముగించేవాళ్ళు, ఆ రోజు ఎనిమిదిన్నరైంది. చిన్నవాటి సంగతి అలా ఉంచండి, ఎనిమిదో ఫోటోలో ఆకుపచ్చగా తిరిగినవి 6 కిలోలున్నాయి. ఎండకో, లైటు వెలుతురుకో అలా అవుతాయి. అవి చేదు, తిన్నవాళ్ళకు వాంతులవుతాయి. పచ్చదనం ఉన్నంత మేర చెక్కేస్తే చాలని మీ డ్రైవరు అన్నాడు. నా వంటింట్లో ఆ పని చేయను.

ములక్కాడలు పెన్సిల్ లావున్నాయి (తొమ్మిదో ఫోటో, నా బొటనవేలు పక్కనే ఉంది). సాంబారులో ములక్కాడ ముక్క కొరికి లోపలి గుజ్జు తినడానికే కదా మనవాళ్ళు వేయించుకునేది. వీటిలో గుజ్జే లేదు, పీచు మిగిలింది.

చివరి రెండు ఫోటోలు చూసి చాలా బాధపడ్డాను. ఆదివారం మా హోటల్లో గుత్తి వంకాయ కూర ఉంటుందని అందరికీ తెలుసు. దాని కోసమే వచ్చేవాళ్ళు ఉన్నారు. పైగా శ్రావణం మొదలైంది, మాంసం మానేసినవాళ్ళంతా మా దగ్గరికే వస్తున్నారు. 10 కిలోల వంకాయలు పైకి నిగనిగలాడుతూ వచ్చాయి. తొడిమ తెగకుండా నాలుగు పక్షాలుగా చీల్చితే లోపల పురుగు. బయట చూస్తే సూదిమొనంత రంధ్రం, అంతే. 7 కిలోలు పోయాయి. మిగిలిన మూడు కిలోల్లో కొన్ని గోలీకాయలంత, కొన్ని గుప్పెడంత. ఒకే మూకుట్లో వేస్తే చిన్నవి పేస్టు అవుతాయి, పెద్దవి లోపల పచ్చిగా ఉంటాయి. పదకొండున్నరకు బోర్డు మీద గుత్తి వంకాయ కొట్టేసి దొండకాయ వేపుడు రాయించాను. ఓనరు గారు నన్ను పిలిచి, 'ఈ మధ్య వేస్టేజి ఎందుకింత పెరిగింది?' అని అడిగారు. ఆ ఫోటోలే చూపించాను. ముప్పై ఏళ్ళుగా పొయ్యి దగ్గర ఉన్నాను, నా చేతి మీద అనుమానం రావడం ఇదే మొదటిసారి.

గోంగూర, పచ్చిమిర్చి, దొండకాయలు మాత్రం బాగున్నాయి. ఆ మాట కూడా చెప్పాలి. ఆరేళ్ళుగా మీ దగ్గరే తీసుకుంటున్నాం. వరదలప్పుడు నీళ్ళలో నడిచొచ్చి కూరగాయలు ఇచ్చి వెళ్ళారు. దాన్ని నేను మర్చిపోలేదు, అందుకే వేరేవాళ్ళను మాట్లాడకుండా ముందు మీకే రాస్తున్నాను.

పాడైన సరుకు మీ బిల్లు రేటుకే లెక్క కట్టాను. ఉల్లి 13 కిలోలు 26 చొప్పున 338, టమాటా 9 కిలోలు 40 చొప్పున 360, పచ్చ దుంపలు 6 కిలోలు 32 చొప్పున 192, వంకాయలు 7 కిలోలు 50 చొప్పున 350, కొత్తిమీర పది కట్టలు 80. మొత్తం 1,320 రూపాయలు. ఇది ఈ వారం బిల్లులో తగ్గించండి. చిన్న దుంపలకు, ములక్కాడలకు ఎంత తగ్గించాలో మీ ధర్మానికే వదిలేస్తున్నాను.

ఇకమీదట డ్రైవరు బస్తాలు గుమ్మంలో పడేసి వెళ్ళిపోకుండా పది నిమిషాలు ఆగాలి. బస్తా విప్పి, కాటా వేసి, ఏరాకే నేను బిల్లు మీద సంతకం పెడతాను. ఆటో ఐదున్నరకల్లా వస్తే ఆ టైము దొరుకుతుంది. ఆరున్నరకు వస్తే నాకు ఏరుకునే వ్యవధి ఉండదు, ఉన్నదాంతో వండాల్సి వస్తుంది. దుంపలు కోడిగుడ్డు కంటే చిన్నవి వద్దు. గుత్తికి వంకాయలు అన్నీ ఒకే సైజువి కావాలి. లేకపోతే ముందు రోజు రాత్రే ఫోన్ చేసి లేవని చెప్పండి, వేరే కూర అనుకుంటాను. లేదని చెప్తే నాకు కోపం రాదు.

ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం. ఆ రోజు 150 మందికి భోజనాల ఆర్డరు ఒప్పుకున్నాం. కూరగాయల లిస్టు 5వ తేదీ సాయంత్రం ఇస్తాను. ఈ లోపు, వచ్చే శుక్రవారం సరుకుతో పాటు మీరే ఒకసారి ఆటోలో రండి. మీ ముందే బస్తాలు విప్పుదాం. పాడైన ఉల్లి, వంకాయలు ఒక గోనెలో కట్టించి పెరట్లో ఉంచాను, వాసన వస్తోంది. రేపు పొద్దున డ్రైవరుతో తీయించండి.

ఇట్లు,
మీ వంటమాస్టారు,
బందరు రోడ్డు భోజన హోటల్