సంక్రాంతి నేత చీరలు: ముందస్తు బుకింగ్ మొదలైందండి

సంక్రాంతి చీరల బుకింగ్ ఈ రోజు నుంచి తీసుకుంటున్నాం. ఆఖరు తేదీ సెప్టెంబరు 25, సాయంత్రం 6 గంటలు. ఫొటోల్లో మీరు చూస్తున్నవి నమూనా చీరలు. మీ చీర ఇంకా మగ్గం ఎక్కలేదు, మీరు అడ్వాన్స్ కట్టాకే దానికి నూలు కొంటాం. అందుకే ధర, అడ్వాన్స్, చీర అందే తేదీ, వద్దనుకుంటే ఏం జరుగుతుంది అన్నీ ఇక్కడే రాస్తున్నాను. పొడుగ్గా ఉన్నా పూర్తిగా చదివాకే డబ్బు పంపండి.

ఈసారి మూడు రకాలు నేయిస్తున్నాం.

బండారులంక నూలు చీర: 100 కౌంట్ నూలు, చిన్న అంచు, గీతల కొంగు. మామిడాకు పచ్చ, పసుపు, నేరేడు, ఇటుక రంగుల్లో 40 చీరలు. ధర ₹3,200, అడ్వాన్స్ ₹1,000. రోజూ స్కూలుకో ఆఫీసుకో చీర కట్టుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది, కోనసీమ ఉక్కపోతలో కూడా ఒంటికి అంటుకోదు.

నూలు జాందానీ: ఒళ్లంతా చిన్న మల్లెమొగ్గ బుటా. 16 చీరలు. ధర ₹7,200, అడ్వాన్స్ ₹2,500.

ఉప్పాడ జాందానీ పట్టు: మూడు మగ్గాల మీద మూడేసి చొప్పున 9 చీరలే. ధర ₹18,500, అడ్వాన్స్ ₹9,000. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ నేతలో బుటాకి వేరే పోగు తీసుకుని, ఒక్కో పువ్వునీ పడుగు పోగుల మధ్య చేత్తో అల్లుతారు. అందుకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. చీర తిరగేసి చూడండి, వెనక వేలాడే దారాలుండవు, పువ్వు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఈ డిజైన్‌కి ఒక్కో చీరా రెండున్నర వారాలు పడుతుంది. జరీ మాత్రం టెస్టెడ్ జరీ. ఈ ధరలో అసలు వెండి జరీ రాదు, ఎవరైనా వస్తుందంటే నమ్మకండి.

అన్ని ధరల్లోనూ జీఎస్టీ, బ్లౌజ్ పీస్ కలిసే ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణలకి కొరియర్ ఉచితం, మిగతా రాష్ట్రాలకి ₹150.

అడ్వాన్స్ ఎందుకని చాలామంది అడుగుతున్నారు. పట్టు, జరీ, రంగులు అన్నిటికీ ముందే డబ్బు పెట్టాలి. ఆ డబ్బు చేతిలో లేని నేతగాడు షావుకారు దగ్గర నూలు అప్పు తీసుకుంటాడు. అప్పు తీసుకున్నాక చీర ఆయనకే ఇవ్వాలి, ఆయన చెప్పిన మజూరీకే నేయాలి. నెలల తరబడి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషికి తన చీర ధర గురించి నోరెత్తే వీలుండదు. మీ అడ్వాన్స్ నేరుగా నూలుకీ, అద్దకానికీ, మొదటి వారం మజూరీకీ వెళ్తుంది. దాంతో ఆ అప్పు అవసరం పడదు. నేను ఈ బుకింగ్ పద్ధతి పెట్టిందే ఇందుకోసం.

వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇచ్చే లెక్క కూడా నూలు ఏ దశలో ఉందో దాన్ని బట్టే ఉంటుంది.

సెప్టెంబరు 25 సాయంత్రం 6 లోపు చెబితే అడ్వాన్స్ మొత్తం వెనక్కి వస్తుంది. కారణం చెప్పక్కర్లేదు. 5 పనిదినాల్లో మీరు కట్టిన ఖాతాకే వేస్తాం.

ఆ తర్వాత నూలుకి రంగు వేయిస్తాం. అప్పుడు ఆపితే అడ్వాన్స్‌లో నాలుగో వంతు పట్టుకుని మిగతాది ఇస్తాం. రంగు వేసిన చిలపల్ని కొట్టువాడు తిరిగి తీసుకోడు కదా.

పడుగుకి గంజి పెట్టి, సరిచేసి, మగ్గానికి అతికాక మీకు ఫొటోతో మెసేజ్ పంపుతాం. ఆ మెసేజ్ వెళ్లాక అడ్వాన్స్ వెనక్కి రాదు. కానీ మీ చీరని అక్కచెల్లెళ్లకో స్నేహితులకో మార్చుకోవచ్చు, దానికి రుసుము లేదు. ఎదురుచూస్తున్నవాళ్లలో ఎవరైనా ఆ చీర తీసుకుంటే మీ అడ్వాన్స్‌లో ₹200 మాత్రం పట్టుకుని మిగిలినదంతా ఇచ్చేస్తాం.

ఇంకొకటి. ఇంట్లో మైల వచ్చి ఈ ఏడాది పండగ లేదనుకుంటే ఒక్క మాట చెప్పండి చాలు. చీర ఉగాది దాకా మా దగ్గరే మడతపెట్టి ఉంచుతాం. మిగతా డబ్బు అప్పుడే కట్టండి. అలాంటి సమయంలో మీరు డబ్బు గురించి టెన్షన్ పడకూడదు.

చీరలు బయల్దేరే తేదీలు: నూలు చీరలు నవంబరు 20, 30 మధ్య. నూలు జాందానీ డిసెంబరు 5, 15 మధ్య. పట్టు చీరలు డిసెంబరు 24, 31 మధ్య. కొరియర్‌కి నాలుగైదు రోజులు కలుపుకోండి. ఫాల్, పికో చేయించమంటే ₹250, ఇంకో మూడు రోజులు. కొత్త అల్లుడు వచ్చే ఇళ్లవాళ్లు బ్లౌజ్ కుట్టించే టైమ్ కూడా లెక్కేసుకోండి. పండగ ముందు టైలర్లు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఈ తేదీల్లో వానల కోసం కొన్ని రోజులు ముందే కలిపాను. అక్టోబరు, నవంబరు మనకి తుఫాన్ల కాలం. ముసురు పడితే గంజి పెట్టిన పడుగు ఆరదు, ఊట ఎక్కువైతే గుంట మగ్గంలోకి నీళ్లు వస్తాయి, నేత ఆగిపోతుంది. చెమ్మలో బలవంతంగా నేయిస్తే గుడ్డ బిగువు పోతుంది, కాబట్టి నేను తొందరపెట్టను. పని ఆగితే అదే రోజు మీకు చెబుతాం. మీ రకానికి రాసిన ఆఖరి తేదీ దాటి 10 రోజులైనా చీర బయల్దేరకపోతే, కారణం వానైనా మా ఆలస్యమైనా, మీరు ఆగవచ్చు, లేదా అడ్వాన్స్ మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. పట్టు చీరలకి మాత్రం ఆ 10 రోజులు లేవు. జనవరి 5 దాటితే చాలు, అడగొచ్చు. భోగి దాటాక వచ్చిన పండగ చీర ఏం చేసుకుంటారు?

చీర తయారయ్యాక పగటి వెలుతురులో తీసిన వీడియో పంపుతాం. చూసి సరేనన్నాకే మిగతా డబ్బు కట్టండి. 7 రోజుల్లో కట్టాలి, వీలుకాకపోతే ముందే చెప్పండి. క్యాష్ ఆన్ డెలివరీ లేదు.

పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. చిరుగు, కొలత తక్కువ, వేరే రంగు చీర రావడం లాంటివుంటే 3 రోజుల్లో చెబితే చీర మారుస్తాం, లేదా మొత్తం డబ్బు ఇస్తాం, రెండు వైపులా కొరియర్ మాదే. మొదటి ఉతుకులో రంగు దిగి అంచుకి అంటితే, చీర అందిన నెలలోపు చెప్పినా అదే వర్తిస్తుంది. అక్కడక్కడా చిన్న ముడి, కాస్త లావు పోగు చేనేతలో సహజం, వాటిని లోపంగా తీసుకోం. మీ కోసమే నేసిన చీర కాబట్టి అందాక మనసు మారిందంటే వెనక్కి తీసుకోలేం.

కావాల్సినవాళ్లు రకం, రంగు, ఊరు, ఫాల్ కావాలా వద్దా రాసి మాకు మెసేజ్ చేయండి. చీర ఉందని మేం చెప్పాకే అడ్వాన్స్ పంపండి. రసీదులో ఈ షరతులన్నీ తెలుగులోనే ఉంటాయి, దాచుకోండి. ఫోన్లో మాట్లాడాలనుకుంటే మీ నంబరు మెసేజ్‌లోనే పెట్టండి, సాయంత్రం 4 తర్వాత మేమే చేస్తాం.

#బండారులంకచీరలు #ఉప్పాడజాందానీ #గోదావరిచేనేత #సంక్రాంతిచీరలు