కట్టంగూరు దగ్గర మా నాన్నగారిని ఆదుకున్న బత్తాయి లోడు డ్రైవరుగారికి

అయ్యా,

2025 నవంబరు 18, మంగళవారం తెల్లవారుజామున ఐదున్నర దాటిన తరువాత, విజయవాడ నుండి హైదరాబాదు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, నకిరేకల్ దాటి కట్టంగూరు ఇంకా రాకముందే, స్కూటరు మీద వెళ్తున్న ఒక పెద్దాయనను వెనుక నుండి ఏదో వాహనం ఢీకొట్టి ఆగకుండా వెళ్లిపోయింది. ఆయన మా నాన్నగారు. డెబ్బై ఒక్క ఏళ్లు, హిందీ పండితుడుగా పనిచేసి రిటైరయ్యారు. పత్తి తీసే కూలీలకు డబ్బులు ఇవ్వడానికి చేనుకు బయలుదేరారు. మీ పేరు, ఊరు, ఫోను నంబరు ఏదీ మాకు తెలియదు కాబట్టి ఇలా అందరి ముందూ మీకు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాము.

ఆ రోజు ఏం జరిగిందో నాన్నగారు కోలుకున్నాక చెప్పినదాన్ని బట్టి తెలిసింది. మీ కంటే ముందు రెండు కార్లు వేగం తగ్గించి, చూసి, వెళ్లిపోయాయట. మీరు మాత్రం డీసీఎంను పక్కకు తీసి, వెనుక వచ్చే బండ్లు గుద్దకుండా ఇండికేటర్లు వేసి, ఆయన దగ్గరకు పరుగెత్తుకొచ్చారు. కుడి కాలి ఎముక విరిగి రక్తం ధారగా పోతుంటే మీ భుజం మీది తువ్వాలును మడిచి గాయం మీద గట్టిగా అదిమిపట్టారు. గుమిగూడినవాళ్లలో ఒకరు నీళ్లు తాగించబోతే, మరొకరు ఆటోలో కూర్చోబెడదామంటే, "108 వచ్చేదాకా కదిలించొద్దు" అని ఇద్దరినీ ఆపారు. హెల్మెట్టును కూడా లాగనివ్వలేదు. అక్కడికి అంబులెన్సు రావడానికి దాదాపు ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ చేయి తీయకుండా, ఆయన స్పృహ తప్పకూడదని, "సార్, మీరు ఏ బడిలో చెప్పారు? నాకు హిందీలో ఎప్పుడూ ముప్పై ఐదు దాటలేదు" అంటూ మాట్లాడిస్తూనే ఉన్నారట. అంత నొప్పిలోనూ ఆ మాటకు నవ్వొచ్చిందని నాన్నగారు ఇప్పటికీ చెబుతున్నారు.

నాన్నగారి ఫోనులో చివరిగా ఉన్న నంబరు నాది. ఆ వేళప్పుడు నిద్రమత్తులో మొదటిసారి నేను ఎత్తలేదు, అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. రెండోసారి ఎత్తగానే మీరు ప్రమాదం అనే మాట ముందు అనలేదు. "అమ్మా, మీ నాన్నగారు నా పక్కనే ఉన్నారు, మాట్లాడుతున్నారు, ముందు ఆయన గొంతు వినండి" అన్నారు. అలా చెప్పాలని మీకు ఎవరు నేర్పారో తెలియదు గానీ, సూర్యాపేట నుండి వచ్చేదాకా నన్ను నిలబెట్టింది ఆ గొంతే.

లోడు బండిని రోడ్డు పక్కనే వదిలి మీరు అంబులెన్సులో నార్కట్‌పల్లి దాకా వచ్చారు. ఆసుపత్రిలో మందులకు 860 రూపాయలు మీ జేబులోంచి కట్టి, నాన్నగారి సంచిలోని 38,500 రూపాయలను మా తమ్ముడికి లెక్కపెట్టి అప్పగించారు. వాడు కౌంటరులో కాగితాల మీద సంతకాలు పెట్టి వెనుదిరిగేసరికి మీరు లేరు. తిరిగి మీ బండి దగ్గరకు ఎలా చేరుకున్నారో, ఆ రోజు మార్కెట్టులో వేలం మీకు దక్కిందో లేదో అన్నది మా ఇంట్లో తరచూ వచ్చే మాట.

నాన్నగారి కాలికి రాడ్డు వేశారు. రక్తం ఇంకా పోయి ఉంటే ప్రాణానికే ముప్పు వచ్చేదని డాక్టర్లు అన్నారు. ఇప్పుడు వాకరు పట్టుకుని వరండా దాకా నడుస్తున్నారు.

పోలీసులు, సాక్ష్యం అనే జంకుతో మీరు వెళ్లిపోయి ఉంటే ఒక మాట మనవి చేయాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షను ప్రకారం, క్షతగాత్రులకు సదుద్దేశంతో సాయం చేసినవారి మీద కేసు పెట్టడానికి వీలులేదు. తమంతట తాము ఇష్టపడితే తప్ప పేరు చెప్పాల్సిన అవసరమూ లేదు. ఇలాంటివారికి కేంద్ర ప్రభుత్వం ఇస్తున్న 25,000 రూపాయల 'రాహ్ వీర్' పురస్కారానికి మీ గురించి రాయించాలని మా తమ్ముడి పట్టుదల, కానీ రాయడానికి మీ పేరే లేదు.

మీ బండి వెనుక తలుపు మీద నీలిరంగు నెమలి బొమ్మ ఉందని నాన్నగారికి గుర్తు. ఆ బండి తెలిసినవారు ఎవరైనా ఇది చదివితే దయచేసి ఆయనకు చేరవేయండి. నకిరేకల్ మెయిన్ సెంటరులో హిందీ సారు కొడుకు ఎరువుల దుకాణం ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. మీకు ఇవ్వవలసిన 860 రూపాయలు, ఉతికి మడతపెట్టిన మీ తువ్వాలు అక్కడే ఉన్నాయి. వచ్చేటప్పుడు భోజనం వేళకు రండి. మీ హిందీ మార్కుల సంగతి నాన్నగారు ఇంకా అడగాలట.

కృతజ్ఞతలతో,
సారు పెద్ద కూతురు, కొడుకు, కుటుంబ సభ్యులందరూ
నకిరేకల్, నల్గొండ జిల్లా