ఏటవాలు పగులు

వంతెన కింద, మూడో స్తంభానికి ఆనించిన నిచ్చెన మీద నిలబడి సుజాత టార్చి వేసింది. వంతెనను మోసే గర్డర్ మధ్యలో సన్నటి నిలువు గీతలైతే ఇంత భయపడేది కాదు, కాంక్రీటుకు అవి మామూలే. కానీ ఇది, గర్డర్ స్తంభం మీద ఆనే బేరింగ్ పక్క నుంచి ఏటవాలుగా పైకి పాకింది. షియర్ పగులు. ముందుగా వంగి హెచ్చరించే రకం కాదు, ఒక్కసారిగా విరిగే రకం. కొలిచింది: 0.8 మిల్లీమీటర్లు. పోయిన నెల తను పెన్సిల్‌తో పెట్టిన గుర్తు దాటి జానెడు సాగింది.

పై అధికారి డీఈ గారు ఫోన్‌లో మెల్లగానే చెప్పారు.

"జాతర నాలుగు రోజులే కదమ్మా. 'స్వల్ప పగుళ్లు' అని రాసెయ్, తర్వాత చూద్దాం. నీ ప్రొబేషన్ కూడా ఇంకా పూర్తవలేదు."

పైన ఇసుక లారీ వెళ్లింది. పగులులోంచి బూడిదలాంటి దుమ్ము ఆమె అరచేతిలో రాలింది. లారీ వెనకే బడి ఆటో, పిల్లల కేకలు.

ఆ రాత్రి నిద్ర లేదు. నాన్న మందులు, ఇంటి అప్పు, డీఈ గారి మాట.

తెల్లవారకముందే లేచి, ఫోటోలూ కొలతలూ జతచేసి, డీఈ గారి పైవాళ్లైన ఈఈ గారికి, ఎస్ఈ గారికి మెయిల్ పెట్టింది: "భారీ వాహనాలను వెంటనే ఆపాలి." డీఈ గారికీ కాపీ పంపింది. జవాబు కోసం ఆగలేదు. పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి, రెండు ఖాళీ డ్రమ్ములు, ఎర్రగుడ్డ పట్టుకుని వంతెన దగ్గరికి వెళ్లింది.

మొదటి లారీ హారన్ కొట్టింది.

"ఎవరమ్మా నువ్వు? అడ్డం లే!"

"ఏఈని. దిగి రా అన్నా, చూపిస్తాను."