అమైనో యాసిడ్ ఫార్ములా క్లెయిము తిరస్కరణపై అప్పీలు

హైదరాబాద్,
6 అక్టోబర్ 2025

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
ఆరోగ్య బీమా విభాగం, హైదరాబాద్.

విషయం: చి. ఆద్య (8 నెలలు), ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ, ఆగస్టు 11–19 అడ్మిషన్. ఫార్ములా ఖర్చు రూ. 76,500 తిరస్కరణపై అప్పీలు.

అయ్యా/అమ్మా,

ఆద్యకు పిల్లల వార్డులో ఆహారం చూసే డైటీషియన్‌ని నేను. పాప తల్లిదండ్రుల అనుమతితో ఈ ఉత్తరం రాస్తున్నాను. సెప్టెంబర్ 22న మీరు పంపిన లేఖలో ఈ ఫార్ములాను "డైటరీ సప్లిమెంట్" అంటూ పాలసీలోని మినహాయింపు నిబంధన Excl14 కింద పక్కన పెట్టారు. మేక పాలు, సోయా పాలు వాడుకోవచ్చు కదా అని కూడా రాశారు. ఈ రెండింటితోనూ నేను ఏకీభవించలేను.

జూన్‌లో పాపకు నాలుగు నెలలు. కాన్పులో బాగా రక్తం పోయిన తల్లికి మొదటి నుంచీ పాలు తక్కువే. అందుకని మామూలు డబ్బా పాలు మొదటిసారి పట్టారు. కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, పిల్లికూతలు. క్యాజువాలిటీలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చాక తేరుకుంది. రక్త పరీక్షలో ఆవు పాలకు అలర్జీని సూచించే ఐజీఈ 38 వచ్చింది. ఆ తర్వాత తల్లి తన తిండిలో పాలు, పెరుగు, నెయ్యి పూర్తిగా మానేసి తన దగ్గరున్న కొద్దిపాటి పాలూ పట్టింది. దానికి తోడు పాల ప్రొటీన్‌ను చిన్న ముక్కలు చేసి తయారుచేసే హైడ్రోలైజ్డ్ ఫార్ములాను వార్డులో ఉంచి మొదలుపెట్టాం. ఖరీదు తక్కువ కాబట్టి ముందు దాన్నే ప్రయత్నించాం. కానీ పాపకు పడలేదు. జులైకల్లా తల్లి పాలు ఆగిపోయాయి. ఆమె ఒక నోటుబుక్కులో ఏ పూట ఎన్ని ఎంఎల్ తాగింది, ఎంత కక్కింది, విరేచనంలో జిగురు, నెత్తుటి జీర ఎప్పుడు కనిపించాయి అన్నీ రాసిపెట్టింది. కాపీ జతచేశాను, దయచేసి జులై చివరి పేజీలు చూడండి. జూన్‌లో 5.6 కిలోలున్న పాప ఆగస్టు 11న 5.3 కిలోలతో, డీహైడ్రేషన్‌తో అడ్మిట్ అయింది. పెరగాల్సిన వయసులో రెండు నెలలకు 300 గ్రాములు తగ్గింది.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరు అమైనో యాసిడ్ ఫార్ములా రాశారు. ఇందులో అలర్జీ తెచ్చే పాల ప్రొటీన్ ఉండదు. అనాఫిలాక్సిస్ అనే ప్రాణాంతకమైన అలర్జీ వచ్చిన పిల్లలకు, హైడ్రోలైజ్డ్ రకం పడక బరువు తగ్గే పిల్లలకు దీన్నే వాడతారు. ఆద్యకు రెండూ జరిగాయి.

మేక పాల సంగతి. ఆవు పాల ప్రొటీన్లకూ మేక, గేదె పాల ప్రొటీన్లకూ పోలిక ఎంత ఎక్కువంటే, ఆవు పాలు పడని పిల్లల్లో చాలామందికి అవీ పడవు. ఒకసారి అడ్రినలిన్ దాకా వెళ్లిన పాపకు వాటిని పట్టమని నేను చెప్పలేను. ఇక ఆరు నెలల లోపు సోయా ఫార్ములా సిఫారసు చేయరు. ఆ వయసు దాటినా, పేగు ఇంకా మానని ఈ పాపకు ఇప్పుడు కొత్తది పెట్టి చూసే పరిస్థితి లేదు. బజార్లో దొరికే సోయా పాలైతే అసలు పసిపిల్లల ఆహారమే కాదు. రాగి జావ, పెసరకట్టు మొదలుపెట్టాం, కానీ అవి పాలకు బదులు కావు.

ఇప్పుడు మీ నిబంధన. Excl14 ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనుక్కునే సప్లిమెంట్లను మినహాయిస్తుంది. కానీ అదే వాక్యంలో, ఆసుపత్రి చికిత్స క్లెయిములో భాగంగా వైద్యుడు రాసినవైతే తప్ప, అని కూడా ఉంది. డిశ్చార్జ్ సమ్మరీలో డాక్టరు ఫార్ములాను పేరుతో, మోతాదుతో రాశారు. వార్డులో వాడినవి 2 డబ్బాలు. డిశ్చార్జ్ నుంచి ఇప్పటి వరకు 16. మీ పాలసీ ఇచ్చే 60 రోజుల పోస్ట్-హాస్పిటలైజేషన్ గడువు అక్టోబర్ 18 దాకా ఉంది. ఆ తర్వాతి ఖర్చు ఈ అప్పీలులో అడగడం లేదు.

డబ్బాలు ఎక్కువ అనిపిస్తే లెక్క ఇదీ: కోలుకునే పాపకు కిలో బరువుకు 120 కేలరీల చొప్పున 5.3 కిలోలకు రోజుకు 636. నూరు గ్రాముల పొడిలో సుమారు 480. అంటే రోజుకు 130 గ్రాముల పైచిలుకు, 400 గ్రాముల డబ్బా మూడు రోజులు. డబ్బా రూ. 4,250. ఒక చెంచా కూడా వృథా కాలేదని ఆ నోటుబుక్కే చెబుతుంది. పొడి మిగలాలని పలచగా కలిపితే పాప మళ్లీ బరువు తగ్గుతుంది. ఖర్చు భరించలేక కొందరు చేసే పని అదే, నా టెన్షన్ కూడా దాని గురించే.

నిన్న పాప బరువు 6.4 కిలోలు. విరేచనాల్లో రక్తం లేదు.

కాబట్టి రూ. 76,500 మంజూరు చేయాలనీ, అక్టోబర్ 18 వరకు వచ్చే మిగతా బిల్లులను కూడా ఇదే క్లెయిములో స్వీకరించాలనీ కోరుతున్నాను. మళ్లీ కుదరదంటే, పిల్లల అలర్జీ తెలిసిన వైద్యుడి చేత ఫైలు చూపించి, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే తల్లిదండ్రులు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్తామంటున్నారు.

మరో మాట: ఏ ఫార్ములా కంపెనీతోనూ నాకు సంబంధం లేదు. తల్లి పాలు చాలినంత ఉండి, అవి పాపకు పడి ఉంటే ఈ ఉత్తరమే రాసేదాన్ని కాదు.

జతపరచినవి: డిశ్చార్జ్ సమ్మరీ, డాక్టరు ప్రిస్క్రిప్షన్, ఐజీఈ రిపోర్టు, బరువుల చార్టు, తల్లి నోటుబుక్కు కాపీ, 18 డబ్బాల బిల్లులు, మీ తిరస్కరణ లేఖ.

భవదీయురాలు,
సుజాత
సీనియర్ క్లినికల్ డైటీషియన్, పిల్లల విభాగం