పరిచయం: పెంచలయ్య గారు (పొదలకూరు నిమ్మ రైతుల కంపెనీ), రమాదేవి గారు (ఒంగోలు పచ్చళ్ల యూనిట్)

పెంచలయ్య గారికీ, రమాదేవి గారికీ నమస్కారం.

మీ ఇద్దరితో ఈ వారం విడివిడిగా ఫోన్‌లో మాట్లాడాను. ఇద్దరూ సరేనన్నాకే ఈ మెయిల్ రాస్తున్నాను. ఫోన్‌లో పైపైన చెప్పిన విషయాన్ని ఇక్కడ వివరంగా రాస్తే, మీరు మాట్లాడుకునేటప్పుడు మొదటి నుంచీ మొదలుపెట్టాల్సిన పని ఉండదు. అందుకే కాస్త పెద్ద మెయిల్ అయింది, ఓపిగ్గా చదవండి.

రమాదేవి గారూ, పెంచలయ్య గారు పొదలకూరు వైపు నిమ్మ రైతులు కలిసి పెట్టుకున్న ఉత్పత్తిదారుల కంపెనీకి మేనేజర్. ఆ కంపెనీ లెక్కలు మొదటి నుంచీ నేనే చూస్తున్నాను. ఆయనకూ సొంత తోట ఉంది, కాబట్టి రైతు కష్టం ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాయ తూకం, గ్రేడింగ్, బండికి లోడు ఎత్తించడం, సాయంత్రానికి రైతులకు డబ్బు లెక్క చెప్పడం, అన్నీ ఆయన చేతుల మీదే నడుస్తాయి. పుస్తకంలో రాసిన తూకానికీ బండెక్కిన తూకానికీ తేడా వస్తే ఆ పూటే తేలాలని పట్టుబట్టే మనిషి.

పెంచలయ్య గారూ, రమాదేవి గారికి ఒంగోలులో పచ్చళ్ల యూనిట్ ఉంది. చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం సాయం చేసే పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీతో ఆమె బ్యాంకు లోన్‌కు వెళ్లినప్పుడు ప్రాజెక్టు రిపోర్టు నేను రాశాను. అప్పటి నుంచి పరిచయం. ఆవకాయ, గోంగూర, టమాటా, పండుమిర్చి అన్నీ చేస్తారు గానీ, షాపుల వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఆమె నిమ్మకాయ పచ్చడినే. కాయ దొరక్క వెనక్కి పంపిన ఆర్డర్లు కూడా ఆ పచ్చడివే.

ఇక అసలు విషయం.

కిందటి ఆగస్టులో లెక్కల పని మీద పొదలకూరు వచ్చినప్పుడు గ్రేడింగ్ షెడ్డులో చూసిందే ఈ పరిచయానికి కారణం. పట్టాల మీద కాయ పోసి ఆడవాళ్లు కూర్చుని ఏరుతున్నారు. గట్టిగా, ఆకుపచ్చ నుంచి అప్పుడప్పుడే రంగు తిరుగుతున్న కాయ ఒక పక్క. గజ్జి మచ్చలున్న కాయ ఇంకో పక్క. గోడవారగా మూడో కుప్ప, పూర్తిగా పసుపు తిరిగిన కాయ. నిగనిగలాడుతూ, వేలితో నొక్కితే రసం లోపల కదిలినట్టు తెలుస్తోంది. ఇంత మంచి కాయని పక్కన పెట్టారేమని అడిగితే పెంచలయ్య గారు, "పండు పడితే ఢిల్లీ బండి ఎక్కదు సార్. దారిలోనే మెత్తబడి పక్క కాయని కూడా చెడగొడతాది. ఎవురడిగితే వాళ్లకి ఇచ్చేయడమే" అన్నారు. ఆ రోజు ఆ కుప్పకు వచ్చిన రేటు కోత కూలికి కూడా చాలలేదు.

తర్వాత కొద్ది రోజులకే ఒంగోలులో రమాదేవి గారి దగ్గర కూర్చున్నాను. మార్కెట్ నుంచి దింపిన బస్తాల్లోంచి ఒక్కో కాయ తీసి, అడ్డంగా కోసి, బొటనవేలితో తొక్క మందం చూస్తున్నారు. ఒక్క బస్తాలోనే నాలుగు రకాల కాయ కనిపించింది. పచ్చికాయ వేస్తే ముక్క మెత్తబడటానికి చాలా రోజులు పడుతుందట, చేదు కూడా దిగుతుందట. పల్చటి తొక్క, నిండా రసం, బాగా పండిన కాయ. ఆమెకు కావలసింది అదొక్కటే. దూరపు మార్కెట్లకు పంపడానికి ఏరిన కాయలో ఆ రకం ఎందుకు దొరకడం లేదో, షెడ్డులో ఆ మూడో కుప్ప చూసి వచ్చిన నాకు వెంటనే అర్థమైంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పచ్చళ్ల వాళ్లు అంటే తీసేసిన కాయ తక్కువ రేటుకు కొనేవాళ్లని చాలామంది అనుకుంటారు. రమాదేవి గారు అట్లా కాదు. గజ్జి మచ్చలున్న కాయ ఆమె తీసుకోరు. నిమ్మకాయ పచ్చడిలో మనం తినేదే తొక్క కదా, మచ్చ అక్కడే కనిపిస్తుంది. రసం తీసేవాళ్లకైతే ఆ కాయతో ఇబ్బంది లేదు, అది వేరే బేరం. నేల మీద రాలిన కాయ కూడా ఆమెకు వద్దు. దెబ్బ తగిలిన చోట కుళ్లు మొదలవుతుంది, ఉప్పులో వేసినా ఆ వాసన పోదు. చెట్టు మీదే పండి, చేత్తో కోసిన మచ్చలేని పసుపు కాయ కావాలి. పెంచలయ్య గారూ, దీన్ని చెత్త కుప్ప లెక్కలో కాకుండా ఒక గ్రేడుగా చూడమని నా మనవి. దానికి తగ్గ రేటు అడిగే హక్కు మీకు ఉంటుంది, ఏరి ఇవ్వాల్సిన బాధ్యత కూడా మీదే అవుతుంది.

రెండో సంగతి కాలం. ఎండాకాలంలో నిమ్మ రేటు ఎట్లా ఎగురుతుందో మీ ఇద్దరికీ తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో ఆ రేటుకు కాయ కొని పచ్చడి పెడితే రమాదేవి గారికి సీసా ఖర్చు కూడా మిగలదు. వానలు పడి, కాయ ఒక్కసారిగా దిగి, జనం నిమ్మరసం తాగడం తగ్గేసరికి రేటు పడిపోతుంది. అప్పుడు మీ రైతులు కోయాలా వద్దా అని ఆలోచించే పరిస్థితి. ఆమెకు కాయ కావలసింది సరిగ్గా అప్పుడే. ఆ నెలల్లో ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ నిమ్మరసం పట్టించి డ్రమ్ముల్లో ఊరబెట్టుకుంటే ఏడాది పొడుగునా ఆర్డర్ వచ్చినప్పుడల్లా కొంత తీసి కారం, మెంతిపొడి కలిపి, పోపు పెట్టి ప్యాక్ చేసుకోవచ్చు. దీనికోసమే ఈ ఏడాది ఆమె ఫుడ్ గ్రేడ్ డ్రమ్ములు కొన్నారు. ఎండాకాలం కాయ గురించి మీరిద్దరూ అసలు మాట్లాడుకోనక్కర్లేదని నా ఉద్దేశం. ఆ రోజుల్లో పెంచలయ్య గారి కాయకు ఢిల్లీ, చెన్నై వ్యాపారులు ఎట్లాగూ ఉంటారు.

మీరు ముందుగా తేల్చుకోవాల్సినవి నాకు తోచినంతలో రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం డబ్బు. రమాదేవి గారూ, రైతు సాయంత్రానికి డబ్బు చూసుకునే అలవాటులో ఉంటాడు. కంపెనీ దగ్గర నెలల తరబడి అరువు మోసే పెట్టుబడి లేదు. మీకు షాపుల నుంచి డబ్బు రావడానికి నెల దాటుతుందని నాకు తెలుసు, అయినా ఆ ఆలస్యాన్ని కాయ బిల్లు మీదకు తేవద్దు. బ్యాంకులో మీకున్న వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ ఇలాంటి సీజన్ కొనుగోలు కోసమే. బండి దిగిన రోజు సగం, తూకం, నాణ్యత చూసుకున్నాక రెండు మూడు రోజుల్లో మిగతాది అనుకుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు. ఇది నా సలహా మాత్రమే, మీకు కుదిరినట్టు మార్చుకోండి.

పెంచలయ్య గారూ, తడి గురించి ఆమె చాలా గట్టిగా ఉంటారు, ఉండాలి కూడా. వాన తడి ఆరకముందు కోసిన కాయను బస్తాలో కట్టి పంపితే ఒంగోలు చేరేసరికి చెమర్చి ఉంటుంది. అక్కడ ఒక్కో కాయను కడిగి, గుడ్డతో తుడిచి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెడతారు. ఒక్క తడి ముక్క పడితే డ్రమ్ముకు డ్రమ్ము బూజు పట్టే ప్రమాదం ఉంది. బస్తాల బదులు గాలి ఆడే ప్లాస్టిక్ ట్రేలు వాడితే మేలు. ట్రేలు ఎవరు కొనాలి, ఖాళీవి ఎట్లా తిరిగి రావాలి అనేది మీరిద్దరూ మాట్లాడుకోండి. పొదలకూరులో తెల్లవారి బయలుదేరిన బండి నెల్లూరు మీదుగా హైవే ఎక్కితే మధ్యాహ్నం లోపే ఒంగోలులో ఉంటుంది కాబట్టి పండు కాయకు ఆ ప్రయాణం పెద్ద లెక్క కాదు.

ఇంకోటి మందుల సంగతి. గజ్జికి కాపర్ మందులు, ఆకుముడత పురుగుకు వేరే మందులు కొట్టడం తోటల్లో మామూలే. కానీ తొక్కతో సహా తినే సరుకు ఇది. ఏ తోటలో ఏ మందు ఏ తేదీన కొట్టారు, ఆ తర్వాత ఎన్ని రోజులకు కోశారు అన్నది ఒక పుస్తకంలో రాసి పెడితే రమాదేవి గారికి ల్యాబ్ పరీక్షలప్పుడు, పెద్ద షాపుల వాళ్లు అడిగినప్పుడు చూపించడానికి ఉంటుంది. ఏ తోట కాయో చెప్పగలగడం మార్కెట్ బస్తాతో కాని పని, మీ కంపెనీతో అయ్యే పని. ఆమె మీకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి ఇదే అసలు కారణం అవుతుంది. మీ సభ్యుల్లో గజ్జిని కొంత తట్టుకునే బాలాజీ రకం వేసిన వాళ్ల తోటలతో మొదలుపెడితే ఏరుడు పని కూడా తగ్గుతుంది.

మొదటే పెద్ద ఒప్పందాలు వద్దు. జూలైలో ఒక చిన్న ఆటో లోడు పంపి చూడండి. రమాదేవి గారు అందులో ఎంత కాయ పనికొచ్చిందో, ఎంత తీసేశారో ఫొటోలతో చెప్తే, షెడ్డులో ఏరేవాళ్లకు ఆమె అడిగే రంగు, మెత్తదనం ఏమిటో తెలుస్తుంది. వీలైతే ఆ లోడు ఏరే రోజు రమాదేవి గారు స్వయంగా పొదలకూరు రావడం మంచిది. ఆ షెడ్డులో అరగంట నిలబడితే ఫోన్‌లో పది సార్లు చెప్పినా రానంత స్పష్టత వస్తుంది.

నా సంగతి కూడా చెప్పేస్తాను. ఇందులో నాకు కమీషన్ లేదు, అడగను. మీ ఇద్దరి లెక్కలూ నేను చూస్తున్నాను కాబట్టి రేటు దగ్గర మాత్రం నన్ను మధ్యలోకి పిలవకండి. ఒకరి కొనుగోలు ధర, ఇంకొకరి మార్జిన్ నాకు తెలిసి ఉండగా బేరంలో మాట కలపడం న్యాయం కాదు. ఈ మెయిల్‌లో కూడా మీ అంకెలు ఏవీ రాయలేదు. బేరం కుదరకపోయినా నాతో మీ పనికి అది అడ్డు కాదు, మొహమాటానికి మాత్రం ఎవరూ ఒప్పుకోవద్దు.

ఫోన్ నంబర్లు ఇద్దరికీ వాట్సాప్‌లో పంపాను. పెంచలయ్య గారు పొద్దున తూకాల హడావిడిలో ఉంటారు, మధ్యాహ్నం రెండు దాటాక చేస్తే తీరిగ్గా మాట్లాడతారు. రమాదేవి గారూ, ఆయన మెయిల్ రోజూ చూడరు కాబట్టి మీరే ముందు ఫోన్ చేయండి. వచ్చే సోమ, మంగళవారాల్లో ఒకసారి మాట్లాడుకుంటే జూలై లోడుకు సమయం సరిపోతుంది. ఇకపై మీ మెయిళ్లలో నన్ను చేర్చక్కర్లేదు. ట్రయల్ లోడు ఎట్లా వచ్చిందో మాత్రం ఒక ముక్క చెప్పండి.

ఉంటాను,
మాలకొండయ్య
అకౌంట్స్, ప్రాజెక్టు రిపోర్టులు
నెల్లూరు