యూనిట్ 3 షార్ట్ నోట్స్: ఇంప్రెషనిజం నుంచి క్యూబిజం దాకా

ఇంప్రెషనిజం: 1874లో పారిస్‌లో తొలి ప్రదర్శన. వస్తువు కన్నా దాని మీద పడే వెలుగే ముఖ్యం. విడివిడిగా కనిపించే కుంచె గీతలు, ఆరుబయట చిత్రణ. మోనే ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ (1872): నీలి బూడిదరంగు పొగమంచులో రేవు, చిన్న పడవలు, నారింజ రంగు సూర్యుడు, నీళ్లలో ముక్కలైన సూర్యుడి ప్రతిబింబం. చలికాలం పొద్దున భద్రకాళి చెరువు గట్టు మీద నిలబడితే ఇట్లాగే ఉంటుంది, నేను అట్లానే గుర్తుపెట్టుకున్నా.

పోస్ట్ ఇంప్రెషనిజం: వాన్ గో ‘స్టారీ నైట్’ (1889). సుడులు తిరిగే ఆకాశం, ఎడమవైపు నల్లటి మంటలా లేచిన సైప్రస్ చెట్టు, కింద నిద్రపోతున్న ఊరు.

తేడా: మోనే కంటికి కనిపించింది వేశాడు, వాన్ గో మనసులో కదిలింది కూడా కలిపి వేశాడు. ఐదు మార్కులకు ఇదే రావచ్చు.

ఫావిజం: 1905, మతీస్. సహజం కాని ఘాటు రంగులు. రెండు మార్కులకి ఇంత చాలు.

క్యూబిజం: పికాసో, బ్రాక్. ఒకే వస్తువు పలు కోణాల నుంచి ఒకేసారి. మోనేది ఒక్క చోటు, ఒక్క క్షణం. వీళ్లు వస్తువు చుట్టూ తిరిగొచ్చి వేసినట్టు ఉంటుంది. పికాసో ‘గెర్నికా’ (1937) మాత్రం తర్వాతిది, క్యూబిస్టు పద్ధతిని వాడుకున్న యుద్ధ చిత్రం: నలుపు, తెలుపు, బూడిదరంగులే, అరుస్తున్న గుర్రం, ఎద్దు, చనిపోయిన బిడ్డతో తల్లి.