ఆటల పీరియడ్ తీసేస్తే మార్కులు పెరుగుతాయా? కౌమార విద్యార్థుల క్రీడలు, చదువుపై ఒక సమీక్ష

దసరా సెలవులు అయిపోగానే మన బడుల్లో పదో తరగతి టైంటేబుల్ నుంచి మొట్టమొదట ఎగిరిపోయేది ఆటల పీరియడ్. ఆ స్థానంలో ప్రత్యేక తరగతి వస్తుంది. పీఈటీ సారుకు స్లిప్ టెస్టుల కాపలా పడుతుంది. కొన్ని ప్రైవేటు బడుల్లోనైతే జూన్ నుంచే ఆ పీరియడ్ కాగితం మీద మాత్రమే ఉంటుంది. అడిగితే "పదో తరగతికి ఆటలేంది సార్?" అంటారు. ఆటకు పోయిన గంట చదువులోంచి కోత పడ్డ గంటే అన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో చూడటానికే, వనపర్తి వైపు మా స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చదవడానికి ఈ సమీక్ష రాశాను. నేను చెప్పేది గణితం, కాబట్టి ఇది పీఈటీల తరఫు వకాల్తా కాదు.

ఈ వాదన పాతదే. ఆటగాళ్లకు దొరికే పేరు చదువరులకు దొరకని బడిలో పిల్లల శ్రద్ధ చదువు మీద నుంచి తప్పుకుంటుందని అమెరికా సామాజికవేత్త జేమ్స్ కోల్‌మన్ 1961లోనే అన్నాడు. అయితే గంటకు గంట లెక్కను నేరుగా పరీక్షించింది కెనడాలోని త్రువా-రివియేర్ అనే ఊరు. 1970 నుంచి 1977 దాకా అక్కడ 546 మంది ప్రాథమిక విద్యార్థులను గమనించారు. ఒక వర్గానికి రోజూ ఒక గంట వ్యాయామ విద్య అదనంగా ఇచ్చారు. ఆ గంట కోసం మిగతా సబ్జెక్టుల సమయంలో 13–14 శాతం కోశారు. మన లెక్క ప్రకారం వాళ్ల మార్కులు పడిపోవాలి. ఒకటో తరగతిలో అవతలి వర్గం కాస్త ముందున్న మాట నిజమే. రెండో తరగతి నుంచి ఆరో తరగతి దాకా మాత్రం ఆడిన పిల్లలదే పైచేయి. అయితే వాళ్లు చిన్న పిల్లలు, నెత్తిమీద బోర్డు పరీక్ష లేదు.

ఇలాంటి అధ్యయనాలన్నీ దగ్గర పెట్టుకుని ట్రూడో, షెపర్డ్ 2008లో ఒక సమీక్ష చేశారు. వేరే సబ్జెక్టుల నుంచి రోజుకు గంట దాకా తీసి వ్యాయామానికి ఇచ్చినా మార్కులు తగ్గవని తేల్చారు. దీనికి రెండో వైపు మనకు ఇంకా ముఖ్యం. ఆటల సమయం కోసి సబ్జెక్టులకు ఇచ్చినంత మాత్రాన మార్కులు పెరగవు. అంటే దసరా తర్వాత మనం చేసే పనికి ఆధారమే దొరకడం లేదు.

2010లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 50 అధ్యయనాలను తిరగేసింది. వాటిలో శారీరక శ్రమకూ చదువుకూ మధ్య 251 సంబంధాలు పరిశీలించినట్టు కనిపించింది. సగానికి కొంచెం పైగా మేలు వైపు ఉన్నాయి, 48 శాతంలో ఏ సంబంధమూ తేలలేదు, నష్టం చూపినవి ఒకటిన్నర శాతం. ఇది చూసి పీఈటీ మిత్రులు మరీ సంబరపడొద్దు. దాదాపు సగంలో ఏమీ తేలలేదంటే, ఆడినంత మాత్రాన ర్యాంకు రాదనే అర్థం. సింగ్ బృందం 2019లో 58 ప్రయోగాలను కఠినంగా వడపోసింది. మొత్తం మీద చదువుకు లాభమని గట్టిగా చెప్పలేకపోయింది, ఒక్క గణితంలో మాత్రం బలమైన ఆధారం ఉందంది. గణితం సార్లు ఆటల పీరియడ్ అడిగి తీసుకునే ముందు దీన్ని రెండుసార్లు చదవాలి. నాతో సహా.

ఇంకో చిక్కు ఉంది. జట్టులో ఉన్న పిల్లవాడికి మార్కులు బాగుంటే అది ఆట వల్లేనా? ఒంట్లో సత్తువ, ఇంట్లో పట్టించుకునే తల్లిదండ్రులు, బడికి రోజూ వచ్చే అలవాటు ఉన్నవాళ్లే జట్టులో నిలుస్తారు. రీస్, సాబియా 2010లో ఒకే విద్యార్థి ఆడిన సంవత్సరాన్నీ ఆడని సంవత్సరాన్నీ పోల్చి చూస్తే మేలు చాలా కుంచించుకుపోయింది. పెద్ద చదువులకు పోవాలన్న ఆశ మాత్రం పెరిగింది. ఐడ్, రోనన్ 2001లో తీసిన లెక్కలో అమెరికా తెల్లజాతి అబ్బాయిలకు ఆట వల్ల చదువు కాస్త తగ్గింది, నల్లజాతి అబ్బాయిలకూ తెల్లజాతి అమ్మాయిలకూ పెరిగింది. ఎవరికి ఇతర దారులు తక్కువో వాళ్లకు ఆట ఎక్కువ అక్కరకొచ్చిందని నేను చదువుకుంటున్నాను.

అమ్మాయిల విషయంలో ఆధారం ఇంకా గట్టిది. అమెరికాలో 1972 నాటి చట్టం వల్ల బడుల్లో అమ్మాయిలకు ఆటల అవకాశం ఒక్కసారిగా పెరిగింది. ఏ రాష్ట్రంలో ఎంత పెరిగిందో పోల్చి బెట్సీ స్టీవెన్సన్ 2010లో లెక్క కట్టింది. ఆటల్లో అమ్మాయిల భాగస్వామ్యం 10 శాతం పాయింట్లు పెరిగిన చోట కాలేజీకి వెళ్లేవాళ్లు ఒక పాయింటు పెరిగారు. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లూ ఒకటి రెండు పాయింట్లు పెరిగారు.

ఇక మన ఊళ్లకు వద్దాం. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11–17 ఏళ్ల విద్యార్థుల్లో 81 శాతం మంది అంత ఆడటం లేదు. అబ్బాయిల్లో ఇది 78, అమ్మాయిల్లో 85. ఈ ఏడు పాయింట్ల తేడా కళ్లారా చూడాలంటే దేవరకొండకో నారాయణపేటకో వెళ్లి సాయంత్రం ఐదున్నరకు ఊరి చివర నిలబడితే చాలు. వాలీబాల్ నెట్ దగ్గర ఉన్నది మొత్తం మగపిల్లలే. ఆ వేళకు అమ్మాయి ఇంట్లో బిందెలు నింపుతూనో, పొయ్యి ముట్టిస్తూనో, తమ్ముణ్ణి ఎత్తుకునో ఉంటుంది. చాలా ఊళ్లలో "తెలంగాణ క్రీడా ప్రాంగణం" బోర్డు ఉంది, కొన్నిచోట్ల బోర్డు వెనక గడ్డి కూడా నిండుగానే ఉంది. బడిలో పీరియడ్ తీసేస్తే అబ్బాయి ఎక్కడో ఒకచోట ఆడుకుంటాడు. అమ్మాయికి ఆ రోజు ఆట అక్కడితో సరి.

మరి నిజంగా పోయే సమయం ఎక్కడ పోతోంది? పీరియడ్‌లో కాదు, పోటీల్లో. ఒక ఖో-ఖో అమ్మాయి హాజరు పట్టీ చూడండి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అండర్-17 మండల పోటీలకు రెండు రోజులు, జిల్లా సెలక్షన్లకు మహబూబ్‌నగర్‌లో రెండు రోజులు, ఎంపికయ్యాక శిబిరానికి వారం, రాష్ట్ర పోటీలకు ప్రయాణంతో కలిపి ఐదు రోజులు. పట్టీలో ఆన్ డ్యూటీ అని పడుతుంది కాబట్టి హాజరు శాతం చెక్కుచెదరదు. కానీ ఆ రోజుల్లోనే తరగతిలో వర్గ సమీకరణాలు అయిపోయి శ్రేఢులు మొదలయ్యాయి. సోషల్‌లో ఒక పాఠం పోతే చదువుకోవచ్చు. కారణాంకాలుగా విడగొట్టడం రాని పిల్ల తర్వాతి లెక్క దగ్గరే ఆగిపోతుంది. ఎస్‌ఏ-1లో మార్కులు తగ్గగానే "చెప్పినం గదా, ఆటలొద్దని" అంటారు. పతకం తెచ్చిన రోజు ప్రేయర్‌లో చప్పట్లు కొట్టినవాళ్లూ మనమే.

తల్లిదండ్రుల మనసులో ఉన్న ఇంకో లెక్క ఉద్యోగాల్లో రెండు శాతం స్పోర్ట్స్ కోటా. ఆశ తప్పు కాదు గానీ, మండల స్థాయిలో ఆడినవాళ్లలో ఆ మెట్టు దాకా వెళ్లేవాళ్లు బహు కొద్దిమంది. సర్టిఫికెట్ కోసం చదువు వదలమని ఏ పిల్లకూ చెప్పలేం. నిద్ర సంగతి కూడా ఉంది. ఈ వయసు పిల్లలకు రాత్రి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. తెల్లవారుజామున గ్రౌండు, ఆ వెంటనే ప్రత్యేక తరగతి రెండూ పెడితే మధ్యాహ్నం మూడో బెంచీలో తల వాల్చిన పిల్లను తప్పుపట్టలేం.

పై అధ్యయనాలు ఎక్కువగా అమెరికా, కెనడాలవి. అక్కడి జిమ్నాజియం వేరు, మన ఎర్రమట్టి గ్రౌండు వేరు. అయినా నిర్ణయానికి సరిపడా దిశ అందులో ఉంది.

కాంప్లెక్స్ ముందు నేను పెట్టేవి ఇవి. పదో తరగతికి ఆటల పీరియడ్ జనవరి ఆఖరు దాకా కదపొద్దు. వారంలో రెండు పీరియడ్లు అమ్మాయిలకే గ్రౌండు ఇవ్వాలి. పోటీలకు వెళ్లే పిల్లల పేర్లు పీఈటీ ముందుగానే సబ్జెక్టు టీచర్లకు ఇవ్వాలి. తిరిగొచ్చిన వారంలో పోయిన పాఠాలు గణితం, సైన్సు సార్లు ప్రత్యేక తరగతి వేళలోనే చెప్పాలి, ఆ పాఠం అయ్యేదాకా ఆ పిల్లలకు స్లిప్ టెస్టు పెట్టొద్దు. మా బడిలో ఆ గణితం తరగతి నేను తీసుకుంటాను. సైన్సుకు ఎవరొస్తారో ఆ రోజే పేరు రాసుకుందాం.